టీమ్‌లో యాస మీద జోకులు: గొడవ పడకుండా ఎలా ఆపాలి?

మొన్న ఒకాయన కామెంట్లో అడిగారు: "టీమ్‌లో నా యాసని ఎగతాళి చేస్తున్నారు. ఊరుకుంటే అలుసైపోతున్నాను, మాట్లాడితే జోక్ కూడా తీసుకోలేవా అంటున్నారు. ఏం చెయ్యాలి?" దీనికి మా ఆత్రేయపురం అబ్బాయి కథ చెబుతాను. పేరు, కంపెనీ వద్దులెండి.

హైదరాబాద్‌లో తొమ్మిది మంది ఉన్న టెస్టింగ్ టీమ్‌లో చేరాడు. మొదటిసారి ఊరి నుంచి వెళ్తూ పూతరేకుల డబ్బా పట్టుకెళ్ళాడు, అందరూ తిన్నారు. మనవాళ్ళు మాటకి ముందు "ఆయ్" అంటారు కదా, ఇతన్నీ "ఆయ్ గారు" అనడం మొదలెట్టారు. అతనూ నవ్వాడు. నిజం చెప్పాలంటే అప్పటికి అందులో తప్పేం లేదు.

తేడా ఎక్కడ వచ్చిందంటే, ఒక మీటింగ్‌లో పేమెంట్ పేజీలో ఒక లోపం గురించి చెబుతున్నాడు. మధ్యలో ఒకాయన "ఆయ్... అలాగేనండీ" అని యాస దింపాడు. అందరూ నవ్వేశారు, మాట పక్క విషయంలోకి వెళ్ళిపోయింది, ఆ లోపం ఎవరూ రాసుకోలేదు. వారం తర్వాత అదే లోపం కస్టమర్ దగ్గర బయటపడితే, "ముందే ఎందుకు చెప్పలేదు?" అని ఇతన్నే అడిగారు. తర్వాత అప్రైజల్‌లో "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని రాశారు. క్లయింట్‌కి డెమో ఇచ్చే అవకాశం మాత్రం ఒక్కసారీ ఇవ్వలేదు.

ఇక్కడ చూడాల్సింది జోక్ ఎంత పెద్దదని కాదండి, ఎప్పుడు వేస్తున్నారని. టీ దగ్గర వేసేది వేరు. మనం పని మాట చెబుతున్నప్పుడు వేస్తే, ఆ నవ్వులో మన మాట పోతుంది. రెండోది, ఆ జోక్ పని పంపకంలోకి వచ్చిందా అన్నది. మన సినిమాల్లో ఏళ్ళ తరబడి హీరోకి ఒక భాష, కమెడియన్‌కీ రౌడీకీ ఇంకో యాస పెట్టారు. అది చూసి పెరిగినవాళ్ళకి యాస వినగానే మనిషి స్థాయి లెక్కకట్టే అలవాటు ఉంటుంది. వాళ్ళకే తెలియకపోవచ్చు.

మనవాడు మొదట చేసింది తప్పే. గోదారోళ్ళకి ఎటకారం చేతిలో పనే కదా, "గట్లనా అన్నా" అని తిరిగి అందుకున్నాడు. దాంతో టీమ్ ఆంధ్ర, తెలంగాణ అని రెండు బల్లల దగ్గర భోజనం చేసే దాకా వెళ్ళింది. వాళ్ళ యాస తప్పు చేయలేదు కదండీ, చేసింది ఒక మనిషి.

తర్వాత ఎక్కువగా అనుకరించే ఆయన్ని టీకి పిలిచి, ఒంటరిగా ఇలా చెప్పాడు: "అన్నా, మంగళవారం నేను పేమెంట్ లోపం చెబుతుంటే యాస దింపారు. అందరూ నవ్వారు, ఆ లోపం రాసుకోలేదు, తర్వాత మాట నాకొచ్చింది. టీ దగ్గర ఏమన్నా పర్లేదు, మీటింగ్‌లో వద్దు." చూడండి, "మీకు మావాళ్ళంటే చులకన" అనలేదు. అలా అంటే ఎదుటివాడు తన మంచితనం నిరూపించుకునే పనిలో పడతాడు. జరిగింది, దాని వల్ల పోయింది, ఇకముందు కావలసింది, అంతే చెప్పాడు.

రెండోది, మీటింగ్ అయ్యాక తను చెప్పిన విషయాన్ని రెండు వాక్యాల్లో గ్రూప్‌లో రాయడం మొదలెట్టాడు. ఇక ఎవరు నవ్వినా మాట పోదు.

మూడోది, లీడ్ దగ్గరికి వెళ్ళి, "సార్, ఏ కాల్‌లో నా ఏ మాట అర్థం కాలేదో చెబితే దిద్దుకుంటాను" అన్నాడు. లీడ్ ఒక్కటీ చెప్పలేకపోయారు. "అయితే వచ్చే డెమోలో పదిహేను నిమిషాలు నాకివ్వండి" అని అడిగాడు. ఇచ్చారు. అనుకరించిన ఆయన మాత్రం కొన్నాళ్ళు ముభావంగానే ఉన్నాడట.

అన్నిటికీ ఈ పద్ధతి సరిపోదు. ఇంటిపేరు అడిగి, ఊరడిగి, "అయితే మీరేమిట్లు?" అని కులం తీసి, దాన్నిబట్టి పని పంచుతుంటే టీ కబుర్లతో తేలదు. తేదీలు, ఎవరున్నారు, ఏమన్నారు రాసిపెట్టుకుని హెచ్ఆర్‌కి లిఖితంగా ఇవ్వాలి. మన రాజ్యాంగం 16వ అధికరణం కులం, పుట్టిన ఊరు చూసి వివక్ష చూపొద్దంటుంది గానీ, అది ప్రభుత్వ ఉద్యోగాలకే. ప్రైవేటులో ముందు కంపెనీ నియమావళినే పట్టుకోవాలి. దళిత, గిరిజన ఉద్యోగిని కులం పేరుతో నలుగురిలో అవమానిస్తే మాత్రం 1989 అట్రాసిటీ చట్టం ఉంది. అమెరికాలో సియాటిల్ నగరం 2023లో కుల వివక్షని పేరుపెట్టి నిషేధించింది.

మనవాడి కథలో ఇంకోటుంది. డెమో అయిన నెలకి శ్రీకాకుళం అమ్మాయి ఒకరు టీమ్‌లో చేరింది. ఆమె "ఏటి?" అనగానే మీటింగ్‌లో మొదట నవ్వింది మనవాడే. సాయంత్రం ఆ అమ్మాయి వచ్చి, "అన్నా, పొద్దున్న నేను చెప్పింది మీరు రాసుకున్నారా?" అని అడిగిందట. రాసుకోలేదు.