560 అనే ఆప్షన్ చేసే పని

ఏడో తరగతి పిల్లలకు ఒక బిట్ ఇచ్చామనుకుందాం. చొక్కా ధర 800 రూపాయలు. మొదట 20 శాతం తగ్గించారు, తగ్గిన ధర మీద మళ్లీ 10 శాతం తగ్గించారు. ఇప్పుడెంత? ఆప్షన్లు 560, 576, 640, 720. జవాబు 576.

ఇది కష్టమైన ప్రశ్నా? నూటికి ఎంతమంది సరిగ్గా రాశారో లెక్కపెడితే, రాసినవాళ్లను బట్టి ఆ అంకె మారిపోతుంది. మంచి బ్యాచ్‌కి సులువైనది మరో బ్యాచ్‌కి కష్టం. అందుకే ఐటెమ్ రెస్పాన్స్ థియరీ పిల్లవాడి సామర్థ్యాన్నీ ప్రశ్న కఠినతనూ ఒకే కొలబద్ద మీద పెడుతుంది. అందులో సగటు విద్యార్థి సాధారణంగా సున్నా దగ్గర ఉంటాడు. అమెరికాలో ఫ్రెడరిక్ లార్డ్ 1952లో ఈ ఆలోచనకు గట్టి పునాది వేశాడు.

ఏమీ రాని పిల్లలు కూడా నూటికి 10 మంది ఈ బిట్ సరిగ్గా పెడుతున్నారనుకుందాం. అదే ఊహాంకం, అంటే గుడ్డిగా పెట్టినా దక్కే వాటా. ఆ 10కీ 100కీ సరిగ్గా నడుమ 55. ఏ సామర్థ్యం దగ్గర నూటికి 55 మంది సరిగ్గా రాస్తారో అదే ప్రశ్న కఠినత. మన బిట్‌కి అది సున్నా అనుకుందాం.

ఇక విచక్షణ, అంటే వచ్చినవాణ్ణీ రానివాణ్ణీ వేరు చేసే పదును. పదునైన ప్రశ్నలో (విచక్షణ 2) సగటుకు ఒక మెట్టు కిందివాళ్లు నూటికి 21 మంది, ఒక మెట్టు పైవాళ్లు 89 మంది సరిగ్గా రాస్తారు. అదే మొద్దుబారితే (విచక్షణ 0.5) 44, 66 మంది. కఠినత మారలేదు, కానీ రెండో ప్రశ్న చెప్పేది చాలా తక్కువ. తెలివైనవాళ్లే ఎక్కువగా తప్పుతున్నారని, అంటే విచక్షణ రుణాత్మకమని తేలితే, ముందు కీ చూసుకోవాలి. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

నాలుగు ఆప్షన్లుంటే ఊహాంకం 25 కావాలి కదా, 10 ఎందుకు? 20కి 10 కలిపి 30 శాతం తగ్గించేస్తే 560 వస్తుంది. సగం తెలిసిన పిల్లలు గుడ్డిగా పెట్టరు, నమ్మకంగా 560 పెడతారు. అలాంటి ఉచ్చు లేకుండా 576 పక్కన 5, 9000, 12000 పెట్టి చూడండి. లెక్క రానివాడు కూడా జవాబు పట్టేస్తాడు, ఊహాంకం 25 దాటిపోతుంది. నా దృష్టిలో ప్రశ్న తయారుచేసేవాళ్లు ఎక్కువ సమయం పెట్టాల్సింది ఈ తప్పుడు ఆప్షన్ల మీదే.

ఒక చిక్కుంది. ఊహాంకం తెలిసేది బాగా వెనకబడిన పిల్లల జవాబుల నుంచే. సులువైన ప్రశ్నకు అంత కిందివాళ్లు పరీక్షలో దొరకరు. మూడు అంకెలూ నిలకడగా రావాలంటే సాధారణంగా వెయ్యి మందైనా రాయాలంటారు. అంతమంది లేనిచోట చాలామంది నిపుణులు ఊహాంకాన్ని అన్ని ప్రశ్నలకూ ఒకే విలువగా ఉంచి, మిగతా రెండే లెక్కకడతారు.