ఉతికినా వదలని చెమట వాసన

జిమ్‌కి వేసుకెళ్లే నా నల్ల టీ షర్టు దండెం మీంచి తీసేటప్పుడు సబ్బు వాసనే వచ్చేది. ట్రెడ్‌మిల్ ఎక్కిన పది నిమిషాలకల్లా చంకల దగ్గర నుంచి పాత చెమట కంపు మొదలయ్యేది. అదే జిమ్‌కి వేసుకెళ్లిన నూలు బనీనుకి ఈ బాధ లేదు. తేడా అంతా పాలిస్టర్ పోగులోనే ఉంది.

అప్పుడే పట్టిన చెమటకి దాదాపు వాసన ఉండదు. అందులోని కొవ్వునీ, ఇతర పదార్థాలనీ బాక్టీరియా విరగ్గొట్టినప్పుడే కంపు పుడుతుంది. పాలిస్టర్‌కి నీళ్లంటే పడవు, జిడ్డంటే ఇష్టం. నీటిని పీల్చుకోదు గానీ ఒంటి నూనెని పట్టుకుని వదలదు. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 26 మంది చేత గంటసేపు సైకిల్ వ్యాయామం చేయించి, విప్పిన టీ షర్టులను మర్నాడు పరీక్షించారు. 2014లో వచ్చిన ఆ ఫలితాల్లో నూలు కంటే పాలిస్టరే ఎక్కువ కంపు కొట్టింది. వాసన పుట్టించే మైక్రోకాకస్ బాక్టీరియా దాని మీద బాగా పెరిగింది.

అంటే మన పని జిడ్డుని వదిలించడం. చన్నీళ్లలో గబగబా ఉతికితే అది కదలదు. ఫ్యాబ్రిక్ కండిషనర్ వేస్తే పోగు మీద ఇంకో పొర పేరుకుంటుంది. సువాసన ఆ పూటకి కప్పుతుందంతే. వెనిగర్, వంటసోడా కలిపి పోసేవాళ్లున్నారు. అవి పొంగుతాయి, ఒకదాని బలాన్ని ఇంకోటి తినేస్తాయి.

నా టీ షర్టుకి పనిచేసింది నానబెట్టడం. 4 లీటర్ల కుళాయి నీళ్లలో 1 లీటరు మరిగే నీళ్లు కలిపితే, చెయ్యి పెట్టగలిగేంత వేడి, సుమారు 40 డిగ్రీలు, వస్తుంది. అందులో ఎంజైములున్న డిటర్జెంట్ ఒక చెంచా, ఆక్సిజన్ బ్లీచ్ రెండు చెంచాలు పూర్తిగా కరిగించాను. ఈ బ్లీచ్ ప్యాకెట్ మీద సోడియం పెర్కార్బొనేట్ అని ఉంటుంది. నీళ్లలో పడగానే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని వదులుతుంది. ముందు లోపలి కుట్టు దగ్గర ఒక చుక్క వేసి, రంగు పోవట్లేదని చూసుకున్నాను. టీ షర్టుని తిరగేసి రెండు గంటలు ముంచి ఉంచితే నీళ్లు మసక పసుపు రంగుకి తిరిగాయి. తర్వాత మామూలుగా ఉతికి, నురగ పోయేదాకా రెండుసార్లు జాడించాను. బకెట్‌కి మూత పెట్టకూడదు, లోపల వాయువు పుడుతుంది. సాగే స్పాండెక్స్ కలిసిన బట్టకి క్లోరిన్ బ్లీచ్ గానీ మరిగే నీళ్లు గానీ తగలనివ్వకూడదు, సాగే గుణం పోతుంది.

వాసన పోయిందో లేదో పొడిగా ఉన్నప్పుడు తెలియదు. చంక భాగాన్ని గోరువెచ్చటి నీళ్లతో తడిపి, అరచేతిలో నిమిషం నలిపి వాసన చూడాలి. కంపు వస్తే ఇంకోసారి నానబెట్టాలి. రెండుసార్లకీ వదలకపోతే ఆ బట్ట జిడ్డుని బాగా లోపలికి పీల్చుకున్నట్టే.

ఇప్పుడు జిమ్ నుంచి రాగానే దాన్ని సంచిలోంచి తీసి, తిరగేసి, గాలి తగిలేచోట ఆరేస్తున్నాను. తడిగా చుట్టి రాత్రంతా వదిలేసిన రోజు మాత్రం మళ్లీ బకెట్ పెట్టాల్సి వస్తోంది.