సంచి లేదా, సంచి కాదా?

మొన్న శనివారం వికారాబాదులో తాండూరు వైపు పోయే రైలెక్కాను. నా ఎదుటి బల్ల మీద ఎవరిదో గోనెసంచి ఒకటి కూర్చుని ఉంది. మనుషులు మాత్రం నిలబడి ఉన్నారు. "ఎవరిది బిడ్డా ఈ సంచి?" అని ఒక అవ్వ అడిగింది. పక్కనున్న పెద్దమనిషి ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు. తనకు వచ్చిన తెలుగులో ఎంతో మర్యాదగా, "ఇది నా సంచి లేదవ్వా" అన్నాడు.

"అయ్యో, నీ సంచి పోయిందా!" అంటూ అవ్వ బల్ల కింద వెతకటం మొదలుపెట్టింది. చివరికి సేడం పోతున్న ఒక కన్నడ ఇల్లాలు నవ్వి, "పోలేదవ్వా, అది ఆయనది కాదట!" అని సర్దిచెప్పింది.

ఆమెకు వెంటనే ఎందుకు అర్థమయింది? కన్నడంలోనూ మనకున్నట్టే రెండు మాటలున్నాయి. మన "కాదు" వాళ్ళకు "అల్ల"; మన "లేదు" వాళ్ళకు "ఇల్ల". ఉర్దూలో రెంటికీ ఒకటే, "నహీఁ హై". ఇది పాము కాదన్నా, ఇక్కడ పాము లేదన్నా అదే మాట సరిపోతుంది. పాపం, ఆ పెద్దమనిషి ఉన్న ఒక్క మాటకూ తెలుగులో ఒక్కటే వెతుక్కున్నాడు.

అసలు తిరకాసు "కాదు" దగ్గర మొదలు కాలేదు. "ఇది నా సంచి" అన్నప్పుడే మొదలయింది. ఈ వాక్యంలో క్రియ ఏదీ? లేదు! "సంచి బల్ల మీద ఉంది" అని చోటు చెప్పటానికి "ఉంది" కావాలి. ఇది ఫలానా అని చెప్పటానికి మాత్రం రెండు నామాలు పక్కపక్కన పెడితే చాలు. ఉర్దూ రెండుచోట్లా "హై" అంటుంది, ఇంగ్లీషు రెండుచోట్లా "ఈజ్" అంటుంది. వాటిని చూసి మనకేదో లోటు ఉందనుకున్న వాళ్ళు లేకపోలేదు. కోర్టు కాగితాల్లో "నేను ఈ దావాలో వాదిని అయివున్నాను" అని రాయటం ఆ బాపతే. "వాదిని" అన్నాక ఇక చెప్పవలసిందేమీ మిగల్లేదు.

ఎందుకంటే ఆ చివరి "ని"లోనే "నేను" ఉన్నాడు. నేను వికారాబాదు వాణ్ణి, నువ్వు తాండూరు వాడివి, మేము రైతులం. క్రియ చేయవలసిన పని మన భాషలో నామం చేస్తున్నది. అందుకే ఆఫీసు గుమ్మంలో నిలబడి "రైతులం బాబూ" అంటే చాలు, "మేము" అనక్కర్లేదు. నేటి కన్నడంలో ఈ సదుపాయం లేదు. "నాను తాండూరినవను, నీను తాండూరినవను" అంటారు. మనిషి మారినా నామం మారదు. ఉర్దూలో ఆ తేడా "హూఁ", "హై" చూపిస్తాయి. మనకూ "ఆయన రైతు" అన్నచోట ఏ తోకా ఉండదు.

అయితే క్రియ లేని వాక్యం కాలం చెప్పలేదు. "మా తాత పట్వారీ" అని మీరంటే, ఆ తాత బతికున్నాడో లేదో, ఆ ఉద్యోగం ఉందో ఊడిందో వినేవాడికి తెలియదు. "పట్వారీగా ఉండేవాడు" అన్నప్పుడు గాని గతం తేలదు. "మీరు రైతు అయితే" అని షరతు పెట్టినా, "రైతు అయిన వాడు" అన్నా, దాక్కున్న "అవు" బయటికి వస్తుంది. "కాదు" కూడా ఆ "అవు"కు వ్యతిరేక రూపమే. రష్యనువాళ్ళదీ ఇదే తంతు: "నేను విద్యార్థిని" అనటానికి క్రియ అక్కర్లేదు, "అప్పట్లో విద్యార్థిని" అనటానికి కావాలి.

తాండూరులో దిగి, వరండాకు బండలు చూడటానికి ఒక దుకాణానికి వెళ్ళాను. అంతకుముందే వాన పడింది. నాకు కావలసింది లేతరంగు. "ఈ బండ నల్లది కదా!" అన్నాను. "నల్ల" అన్న విశేషణం ఒంటరిగా వాక్యం ముగించలేదు. "ది" చేరి "నల్లది" అని నామమయితే అది బండ స్వభావం చెబుతుంది. "నల్లగా ఉంది" అంటే ఇప్పుడు కంటికి కనిపించే తీరు మాత్రమే. ఈ తేడా క్లాసులో చెప్పే నేనే అక్కడ తప్పాను.

దుకాణందారు తువ్వాలుతో బండ తుడిచి చూపించాడు.

"నల్లది కాదు సార్. తడిసి నల్లగా ఉంది."