రెండు రక్తాలు కలిస్తేనే ఊపిరి

బిడ్డ మూడు కిలోల బరువుతో పుట్టాడు. పుట్టగానే గట్టిగా ఏడ్చాడు. నెలలు నిండాయి, స్కాన్లలోనూ తేడా కనిపించలేదు. కొన్ని గంటలు గడిచాక పెదవులు, నాలుక నీలంగా మారడం నర్సు కంట పడింది. ఊపిరి కాస్త వేగంగా ఉందే తప్ప బిడ్డ ఆయాసపడటం లేదు. డాక్టరు స్టెతస్కోపు పెట్టి విన్నా గుండెలో అదనపు శబ్దమేమీ లేదు. ఆక్సిజన్ పెట్టారు. వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటర్ 55 చూపించింది. పది నిమిషాలు స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇచ్చినా అంకె దాదాపు అక్కడే ఉంది.

అనుమానం ఇక్కడే మొదలవుతుంది. జబ్బు ఊపిరితిత్తులదే అయితే అంత ఆక్సిజన్‌కు అంకె ఎంతో కొంత పైకి లేవాలి. లేవలేదంటే ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం ఒంటికి చేరడం లేదన్నమాట. గుండెకు ఎకో తీస్తే కారణం తెరమీద కనిపిస్తుంది. ఎడమ గది నుంచి బయల్దేరాల్సిన బృహద్ధమని కుడి గది నుంచి, కుడి గది నుంచి వెళ్లాల్సిన ఊపిరితిత్తుల ధమని ఎడమ గది నుంచి మొలిచాయి. వైద్యులు దీన్ని ట్రాన్స్‌పొజిషన్ ఆఫ్ ది గ్రేట్ ఆర్టరీస్ అంటారు. సుమారు నాలుగు వేల కాన్పుల్లో ఒకదానిలో కనిపిస్తుంది. ఆడపిల్లలకంటే మగపిల్లల్లో ఎక్కువ.

మామూలు గుండెలో రక్తం ఒక్కటే పెద్ద చుట్టు తిరుగుతుంది. ఒంటి నుంచి కుడివైపుకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు, తిరిగి ఎడమవైపుకు వచ్చి మళ్లీ ఒంటికి. ధమనులు తారుమారైతే ఆ ఒక్క చుట్టు రెండుగా విడిపోతుంది. ఒంట్లోంచి వచ్చిన నల్లరక్తం కుడి గదికి చేరి, ఊపిరితిత్తుల ముఖం చూడకుండానే మళ్లీ ఒంట్లోకి పోతుంది. ఊపిరితిత్తుల్లో ఎర్రబడిన రక్తం ఎడమ గదికి వచ్చి మళ్లీ ఊపిరితిత్తులకే వెళ్తుంది. రెండు పంపులూ బలంగానే కొడుతుంటాయి, కానీ ఒకదాని ఫలితం రెండోదానికి అందదు.

మరి తొమ్మిది నెలలు ఆ బిడ్డ కడుపులో ఎలా పెరిగాడు? అక్కడ ఊపిరితిత్తులకు పనే లేదు. ఆక్సిజన్ మాయ నుంచి వస్తుంది. పైగా పుట్టకముందు ప్రతి బిడ్డ గుండెలోనూ రెండు అడ్డదారులు ఉంటాయి. పై గదుల మధ్య గోడలో ఫొరామెన్ ఒవేల్ అనే రంధ్రం ఒకటి, రెండు పెద్ద ధమనులను కలిపే డక్టస్ అనే చిన్న గొట్టం మరొకటి. బొడ్డు కోసి, మొదటి ఊపిరి తీశాక ఇక వాటి అవసరం ఉండదు. డక్టస్ మొదటి ఒకటి రెండు రోజుల్లో ముడుచుకుపోతుంది, రంధ్రమూ మూసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఇది మంచి మార్పు. ధమనులు తారుమారైన బిడ్డకు మాత్రం, బతికించే దారులే ఒక్కొక్కటిగా మూసుకుపోతున్నట్టు. కొందరిలో కింది గదుల మధ్య కూడా రంధ్రం ఉంటుంది. వాళ్లకు కొంత వ్యవధి దొరుకుతుంది.

ఎంత రక్తం కలిస్తే చాలు? మన మూడు కిలోల బిడ్డ లెక్కే చూద్దాం. అతని ఒంటికి నిమిషానికి సుమారు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ కావాలి. గుండె ఒంట్లోకి నిమిషానికి దాదాపు 600 మిల్లీలీటర్ల రక్తం కొడుతుంది. కానీ కొత్త ఆక్సిజన్‌ను తెచ్చేది ఆ 600 కాదు, ఎర్రరక్తపు చుట్టులోంచి నల్లరక్తపు చుట్టులోకి దాటిన రక్తం మాత్రమే. నిమిషానికి 150 మిల్లీలీటర్లు దాటితే ఆక్సీమీటర్ సుమారు 55 దగ్గర ఉంటుంది. అది 250 అయితే 80 దగ్గరికి వస్తుంది. 120కి పడితే 40 కిందికి జారుతుంది. అక్కడ కణాలకు ఆక్సిజన్ చాలదు, రక్తంలో ఆమ్లం పేరుకుంటుంది, గంటల్లో గుండె అలసిపోతుంది. అంటే ప్రాణానికీ ప్రమాదానికీ మధ్య తేడా నిమిషానికి కొన్ని చెంచాల రక్తం.

ఇంకో షరతు కూడా ఉంది. అటు నుంచి ఇటు ఎంత దాటితే, ఇటు నుంచి అటూ అంతే దాటాలి. లేకపోతే ఒక చుట్టు ఉబ్బి, రెండోది ఎండిపోతుంది. డక్టస్ ఒక్కటే తెరిచి ఉంటే చాలదనేది అందుకే. డక్టస్‌లో రక్తం ఎక్కువగా బృహద్ధమని నుంచి ఊపిరితిత్తుల వైపే పోతుంది. అలా వెళ్లిన రక్తం ఎర్రబడి ఎడమ పై గదికి చేరాక, అక్కడి నుంచి కుడి పై గదిలోకి రావడానికి దారి కావాలి. ఆ దారి ఫొరామెన్ ఒవేల్. చిక్కేమిటంటే, దానికున్న పల్చటి పొర ఒకవైపుకే తెరుచుకునే తలుపు. కుడి నుంచి ఎడమకు తోస్తే తెరుచుకుంటుంది, ఎడమవైపు ఒత్తిడి పెరిగితే మూసుకుంటుంది. ఎర్రరక్తం ఎంత ఎక్కువగా వచ్చి చేరితే తలుపు అంత గట్టిగా బిగుసుకుంటుంది.

అందుకే చికిత్స రెండు అడుగులు. మొదటిది ప్రొస్టాగ్లాండిన్ ఇ1 అనే మందును నరంలోకి ఆగకుండా ఎక్కించడం. అది డక్టస్‌ను తెరిచి ఉంచుతుంది. దీంతో కొందరు బిడ్డలకు ఉన్నట్టుండి ఊపిరి ఆగుతుంది కాబట్టి, పెద్దాసుపత్రికి తరలించేటప్పుడు శ్వాస అందించే ఏర్పాటు పక్కనే ఉండాలి.

రెండో అడుగు అమెరికాలోని ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో పనిచేసిన విలియం రాష్కిండ్ చూపించింది. అప్పటిదాకా ఆ రంధ్రాన్ని పెద్దది చేయాలంటే ఛాతీ కోయాల్సి వచ్చేది. ఆ కోతకు తట్టుకోలేక చాలామంది పసివాళ్లు పోయేవారు. 1966లో ఆయన కోత లేని పద్ధతిని ప్రకటించారు. కొసన చిన్న బుడగ ఉన్న సన్నటి గొట్టాన్ని తొడ సిర నుంచి గానీ బొడ్డు సిర నుంచి గానీ గుండెలోకి పంపిస్తారు. కుడి పై గది దాటించి, ఆ పొర సందులోంచి ఎడమ పై గదిలోకి తోస్తారు. అక్కడ బుడగను మూడు నాలుగు మిల్లీలీటర్ల ద్రవంతో ఉబ్బించి, ఒక్క కుదుపుతో వెనక్కి లాగుతారు. మెల్లగా లాగితే పొర సాగుతుందే గానీ చిరగదు, కాబట్టి చెయ్యి తడబడకూడదు. పొర చిరిగిన మరుక్షణమే గాలి తీసినట్టు బుడగను ముడిచేస్తారు. ఈరోజుల్లో దీన్ని ఎకో చూస్తూ బిడ్డ పడక దగ్గరే చేస్తున్నారు. 55 దగ్గర ఉన్న అంకె చాలాసార్లు నిమిషాల్లోనే 75, 80కి ఎక్కుతుంది. వారాలు గడిచేకొద్దీ పొర మందమై, ఈ కుదుపుకు లొంగదు.

ఇది గడువు కొనుక్కోవడమే, జబ్బు నయం కావడం కాదు. ఎడమ గది ఊపిరితిత్తుల తక్కువ ఒత్తిడికే రక్తం కొడుతూ కొన్ని వారాల్లో బలం కోల్పోతుంది. ఆ తర్వాత ఒళ్లంతటికీ రక్తం కొట్టమంటే దానివల్ల కాదు. అందుకే ధమనులను మార్చి కుట్టే ఆపరేషన్‌ను సాధారణంగా మొదటి రెండు మూడు వారాల్లోనే చేస్తారు. 1975లో బ్రెజిల్‌లో అదీబ్ జటెనే మొదటిసారి దీన్ని విజయవంతంగా చేశారు. గుండె కండరానికే రక్తమిచ్చే, మిల్లీమీటరో రెండో మందముండే కరోనరీ నాళాలను కూడా కొత్త చోటికి మార్చి కుట్టాలి. సర్జన్‌కు అన్నింటికంటే కష్టమైన పని అదే. అనుభవమున్న కేంద్రాల్లో ఇప్పుడు నూటికి తొంభై అయిదు మందికి పైగా పిల్లలు బతుకుతున్నారు. చికిత్స అందని రోజుల్లో ఇలాంటి పిల్లల్లో చాలామంది మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయేవారు.

అంకె 80 దాటి ఉంటే నీలం కంటికి ఆనకపోవచ్చు, ముఖ్యంగా చామనఛాయ ఒంటిమీద. చేతులు, కాళ్లు నీలంగా ఉండటం పుట్టిన బిడ్డల్లో మామూలే. నాలుక, చిగుళ్లు నీలంగా ఉండటం మామూలు కాదు. కాన్పు జరిగి ఒక రోజు గడిచాక, ఇంటికి వెళ్లేలోపు, బిడ్డ కుడిచేతికీ ఒక పాదానికీ పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూడమని అడగండి. అయిదు నిమిషాల పని, సూది గుచ్చరు. ఏ అంకె అయినా 90 కంటే తక్కువ ఉంటే ఎకో తీయించకుండా బిడ్డను ఇంటికి తీసుకెళ్లకండి.