పచ్చచుక్క చెప్పని సంగతి

బిస్కెట్ ప్యాకెట్ మీద పచ్చచుక్క కనిపిస్తే హలాల్ చూసుకునేవారికి సగం దిగులు తీరినట్టే. పాలు, తేనెలాంటివి తప్ప అందులో జంతువు నుంచి తీసిందేదీ ఉండదు, కనుక పంది కొవ్వు ఉందేమోనన్న అనుమానం ఉండదు. మిగతా సగం ఆల్కహాల్ గురించి. కేకుల్లో వేసే వెనిలా ఎసెన్సులో ఆల్కహాల్ ఉండొచ్చు. అది జంతువుది కాదు కాబట్టి చుక్క పచ్చగానే ఉంటుంది.

పంది మాంసం అపవిత్రమని ఖురాన్ చెబుతుంది. పందిలో పురుగులుంటాయి కాబట్టే నిషేధించారని చాలామంది అంటారు గానీ, ఆ మాట ఖురాన్‌లో లేదు. బాగా ఉడికించి పురుగుల్ని చంపినంత మాత్రాన నిషేధం పోదు. విశ్వాసికి దైవాజ్ఞే చాలు. మద్యం విషయంలో మాత్రం కారణం చెప్పింది: అది మనుషుల మధ్య పగ పెంచుతుంది, దైవస్మరణకూ నమాజుకూ దూరం చేస్తుంది. ఆ నిషేధం కూడా ఒక్కసారిగా రాలేదు. అందులో లాభం కన్నా పాపమే ఎక్కువని మొదట చెప్పి, తర్వాత మత్తులో నమాజు దగ్గరికి రావద్దని, చివరికి పూర్తిగా మానేయమని ఆదేశించింది.

హలాల్ అంటే ధర్మం అనుమతించినది. చిక్కంతా జెలటిన్‌లాంటి పదార్థాలతో వస్తుంది. మెత్తటి జెల్లీ మిఠాయిల్లో, మందు క్యాప్సూల్ పైతొడుగులో ఉండేది అదే. పశువుల ఎముకలు, చర్మం నుంచి గానీ పంది చర్మం నుంచి గానీ తీస్తారు. లేబుల్ మీద జెలటిన్ అని ఉన్నా అది ఏ జంతువుదో చాలాసార్లు ఉండదు. పశువుదే అయినా, దాన్ని దేవుడి పేరు చెప్పి జబ్హా చేశారా అన్న ప్రశ్న మిగులుతుంది. ద్రాక్షసారా పులిసి వెనిగర్‌గా మారితే హలాల్ అయినట్టే, చర్మం జెలటిన్‌గా మారితే దాని స్వభావమే మారిపోయిందని కొందరు పండితులు వాదిస్తారు. మరికొందరు ఒప్పుకోరు. ఈ తగువు ఇంకా తెగలేదు.

మందుల దగ్గర లెక్క వేరు. డయాలిసిస్ యంత్రంలో రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్‌ను ఎక్కువగా పంది పేగుల లోపలి పొర నుంచే తీస్తారు. హలాల్ పాటించే రోగి దాన్ని వద్దనాలా? అక్కర్లేదు. గత్యంతరం లేక, కోరికతో కాకుండా, హద్దు మీరకుండా నిషిద్ధాన్ని తీసుకున్నవాడికి పాపం లేదని ఖురానే చెబుతుంది. 2018లో ఇండోనేషియా ఉలేమాల మండలి తట్టు, రుబెల్లా టీకా విషయంలో ఇదే దారి పట్టింది. తయారీలో పందికి సంబంధించిన పదార్థం వాడారు కనుక అది హరామని తేల్చింది, హలాల్ టీకా మరొకటి దొరకనంతవరకూ వేయించుకోవచ్చని అదే ఫత్వాలో అనుమతించింది.

అందుకని ముందు అడగాల్సింది ప్రత్యామ్నాయం ఉందా అని. అదే మందు మాత్రగానో సిరప్‌గానో, మొక్కల సెల్యులోజ్‌తో చేసిన క్యాప్సూల్‌లోనో దొరకొచ్చు. సిరప్ అయితే ఆల్కహాల్ ఉందేమో చూసుకోవాలి. ఇవన్నీ డాక్టర్నీ, మందుల షాపులో ఫార్మసిస్టునీ అడగాలి. వాళ్లను అడక్కుండా సొంతంగా మందు ఆపేయడం మాత్రం ప్రమాదం.