మెట్‌ఫార్మిన్ పడలేదని మానేస్తున్నారా?

ఇటీవల పీర్జాదిగూడ నుంచి 52 ఏళ్ల గృహిణి ఒకరు మా ఓపీకి వచ్చారు. పరగడుపు షుగర్ 196 ఉంది. నెల కిందట మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు వేసుకోమని రాశారు. ‘ఆ గోలీలు నాకు పడలేదు సార్. మూడో రోజుకే కడుపు ఖరాబైంది. అన్నం చూస్తేనే వికారం. అందుకే మానేసిన’ అన్నారామె. ఎప్పుడు వేసుకునేవారని అడిగితే, పొద్దున టిఫిన్‌కు ముందు, రాత్రి భోజనానికి ముందు ఖాళీ కడుపుతోనే అని చెప్పారు.

ఈ మాత్రతో కడుపు ఎందుకు ఇబ్బంది పెడుతుంది? మెట్‌ఫార్మిన్ ప్రధానంగా కాలేయంలో చక్కెర తయారీని తగ్గిస్తుంది. అయితే మింగిన మందు పేగు గోడల్లో రక్తంలో కంటే పదుల రెట్లు ఎక్కువగా పేరుకుంటుంది. అక్కడ సెరటోనిన్ ప్రభావం పెరిగి పేగుల కదలికలు ఎక్కువవుతాయని, వికారం కలుగుతుందని భావిస్తున్నారు. కాలేయం నుంచి వచ్చే పైత్యరస లవణాలను పేగు తిరిగి పీల్చుకోవడమూ తగ్గుతుంది. మిగిలిన లవణాలు పెద్దపేగులోకి చేరి నీటిని లాగడంతో విరేచనాలు పలచబడతాయి. కడుపు నిండిన భావన కలిగించే జీఎల్‌పీ-1 హార్మోన్ పెరగడం వల్ల ఆకలి కూడా తగ్గుతుంది. అంటే ఇది అలర్జీ కాదు, మందు పేగులో పనిచేస్తున్న తీరు. చాలామందిలో కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

ఆమెకు కిడ్నీ పరీక్ష చేయించాం. అంతా బాగానే ఉంది. మందు నెమ్మదిగా విడుదలయ్యే ‘ఎస్‌ఆర్’ రకం 500 మాత్ర ఒక్కటే, రాత్రి భోజనం మధ్యలో వేసుకోమన్నాం. వారం తర్వాత ఇబ్బంది లేకపోవడంతో, రాత్రి భోజనంతోనే రెండు మాత్రలు చేశాం. మరోసారి విరేచనాలు మొదలైతే ఒక మెట్టు దిగి, వారం ఆగి మళ్లీ పెంచవచ్చని ముందే చెప్పాం. ఆ అవసరం రాలేదు. ఎస్‌ఆర్ మాత్రను విరవకూడదు, నమలకూడదు. దాని ఖాళీ పొర మలంలో కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అందులోని మందు ఒంటికి పట్టే ఉంటుంది.

కొన్ని సందర్భాల్లో మాత్రం వేచి ఉండకూడదు. వాంతులు, విరేచనాలు ఎక్కువై నీరు తాగలేకపోతున్నా, మూత్రం తగ్గినా మాత్ర ఆపి వెంటనే వైద్యుణ్ని కలవాలి. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీల పనితీరు మందగించి, మందు పేరుకుపోవచ్చు. అరుదుగా అది లాక్టిక్ ఆసిడోసిస్ అనే ప్రమాదకర స్థితికి దారితీస్తుంది. ఏళ్ల తరబడి హాయిగా వాడుతున్నవారికి హఠాత్తుగా విరేచనాలు మొదలైతే, మాత్రే కారణమనుకోకుండా వేరే జబ్బు ఉందేమో చూపించుకోవాలి.

మాత్ర పడలేదనిపిస్తే మానేసే ముందు ఎప్పుడు, ఎంత, ఏ రకం వేసుకుంటున్నారో మీ డాక్టర్‌కు చెప్పండి. మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు ఆమె పరగడుపు షుగర్ 124 ఉంది. మందు అదే, వేసుకునే పద్ధతి మాత్రం మారింది.