పక్కింటి గోడ మన స్థలంలోకి వస్తే

లేఅవుట్‌లో స్థలం కొని, నాలుగు మూలలా రాళ్లు పాతించి, ఉద్యోగం కోసం హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉండిపోయేవాళ్లు మనలో చాలామందే. అలాంటి ఒకాయన స్థలం గుంటూరు శివార్లలో ఉందనుకుందాం. వెడల్పు 40 అడుగులు, పొడవు 54. మొత్తం 240 గజాలు. పడమటి స్థలంవాళ్లు ఇల్లు మొదలుపెట్టారు. పునాది పొడవునా 2 అడుగులు ఇవతలికి వచ్చింది. అంటే 108 చదరపు అడుగులు, సరిగ్గా 12 గజాలు. గజం 30 వేలనుకుంటే 3 లక్షల 60 వేలు పోయినట్టే. డబ్బు సంగతి అలా ఉంచినా, 40 అడుగుల స్థలం 38 అయితే, రేపు పక్కల వదలాల్సిన ఖాళీ పోను ఆయన ఇంటి ప్లానే మారిపోతుంది.

కబురు అందగానే చేయాల్సిన మొదటి పని పోట్లాట కాదు, కొలత. అదీ తన స్థలం ఒక్కదాన్నే కొలిస్తే చాలదు. ఆ వరుసలో రెండు రోడ్ల మధ్య 8 ప్లాట్లున్నాయనుకోండి. కాగితం మీద 320 అడుగులు ఉండాలి. నేల మీద టేపు పట్టి చూస్తే 318 ఉండటం మన లేఅవుట్లలో వింతేమీ కాదు. లేదా మొదట ఇల్లు కట్టినాయన రోడ్డు అంచు తప్పుగా తీసుకుని 2 అడుగులు జరిగి ఉంటాడు. అక్కణ్ణుంచి ప్రతి ఇల్లూ అంతే జరుగుతూ వచ్చి ఉంటుంది. అప్పుడు పక్కాయన ఆక్రమణదారుడిగా కనిపిస్తాడు గానీ, ఆయన్నీ అవతలివాళ్లు నెట్టారు. కాబట్టి ఉన్న గోడల నుంచి కాకుండా, కదలని గుర్తు నుంచి, అంటే సర్వే రాయి నుంచో ఆమోదం పొందిన లేఅవుట్‌లోని రోడ్డు మూల నుంచో కొలత మొదలవ్వాలి.

సర్వే నంబరు హద్దు తేల్చాలంటే మీసేవలో దరఖాస్తు పెట్టుకుంటే మండల సర్వేయరు పక్కవాళ్లకు నోటీసులిచ్చి వచ్చి కొలుస్తారు. కానీ సర్వే రికార్డులో ఉండేది పొలాల హద్దులే. వాటిలో వేసిన ఇళ్ల ప్లాట్ల గీతలు చాలాచోట్ల అందులో ఉండవు. అక్కడ లేఅవుట్ ప్లాను, ఇద్దరి దస్తావేజుల్లోని కొలతలు, నాలుగు వైపుల హద్దులే ఆధారం. కొలతకీ హద్దుకీ పొంతన కుదరనప్పుడు, హద్దు స్పష్టంగా ఉంటే కోర్టులు సాధారణంగా దానికే విలువిస్తాయి. పక్కాయన దస్తావేజు నకలు కూడా రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి తీసుకోండి. ఆయన కొన్నది 40 అడుగులే అయి, కట్టింది 42 మేర ఉంటే సగం వాదన అక్కడే తేలుతుంది.

కొలత మన వైపు ఉంటే, ఆ తర్వాత అన్నీ పని ఏ దశలో ఉందన్నదాన్ని బట్టే నడుస్తాయి. పునాది దశలో ఉంటే లాయరు నోటీసుతో పాటే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా వేసి, తాత్కాలిక ఉత్తర్వు అడగాలి. పని ఆగేది దానితోనే. అవతలివాళ్లు ముందే కేవియట్ వేసి ఉంటే వాళ్లను వినకుండా ఉత్తర్వు రాదు, కాస్త ఆలస్యమవుతుంది. అదే రోజు అడ్వొకేట్ కమిషనర్ని వేయమని కూడా అడగాలి. ఆయన సర్వేయరుతో వచ్చి, ఇద్దరి సమక్షంలో కొలిచి, గోడ ఎంత ఎత్తు లేచిందో ఫొటోలతో సహా నివేదిక ఇస్తారు. సాక్ష్యం పోగుచేయడానికి కమిషనర్ ఎందుకని అవతలివాళ్లు అభ్యంతరం పెడతారు. అయితే హద్దు ఎక్కడన్నదే తగాదా అయినప్పుడు స్థలం కొలిపించడమే సరైన దారని 2008లో హరియాణా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నా మటుకు ఈ కేసుల్లో గెలుపోటములు తేల్చేది వాదన కంటే ఆ నివేదికే.

ఈలోగా గోడ లేచి స్లాబు పడిందా, ఇక ‘కట్టకుండా ఆపండి’ అన్న దావా సరిపోదు. వరంగల్‌లోని ఖాళీ స్థలాల తగాదా మీద సుప్రీంకోర్టు 2008లోనే ఇచ్చిన తీర్పు ఈ విషయంలో మన లాయర్లందరికీ కంఠతా వచ్చు. స్థలం మన స్వాధీనంలో ఉండి హక్కు మీద పేచీ లేకపోతే ఇంజంక్షన్ చాలు. హక్కు మీదే గట్టి పేచీ లేస్తే హక్కు ప్రకటన కూడా కోరాలి. స్వాధీనం పోతే దాన్ని తిరిగి ఇప్పించమని కోరాలి. మన ఉదాహరణలో ఆ 12 గజాలు ఇప్పుడు పక్కాయన గోడ కింద ఉన్నాయి. కాబట్టి స్వాధీనం, దానితో పాటు కట్టడం తొలగించమనే ఉత్తర్వు రెండూ అడగాలి. ఒక్క తొలగింపే అడిగితే మూడేళ్లు దాటిన కేసులో కాలదోషం అంటూ అడ్డు తగులుతారు.

పోలీస్ స్టేషన్‌కు వెళితే ‘ఇది సివిల్ తగాదా’ అంటారు. చాలాసార్లు అది నిజమే. మున్సిపాలిటీ కూడా స్థలం ఎవరిదో తేల్చదు. కానీ ఒక కిటుకుంది. హద్దు దాటి కట్టినవాడు ఆ వైపు వదలాల్సిన ఖాళీ వదల్లేదనే కదా అర్థం. అది ప్లానుకు విరుద్ధం. ఆ మాట మీద ఫిర్యాదిస్తే, ప్లాను ఉల్లంఘన కింద నోటీసివ్వడం, పని ఆపించడం మున్సిపాలిటీ చేతిలో పనే.

చేయకూడనిది ఒకటి గట్టిగా చెప్పాలి. రాత్రికి రాత్రి మనుషుల్ని పెట్టి గోడ పడగొట్టించకండి. స్థలం మీదే కావచ్చు, అయినా స్థిరపడిన స్వాధీనంలో ఉన్నవాణ్ణి బలవంతంగా తొలగిస్తే, ఆరు నెలల్లోపు అతనే మీ మీద దావా వేయొచ్చు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద వచ్చే ఆ దావాలో హక్కు ఎవరిదన్న ప్రశ్నే రాదు. స్వాధీనం ఎవరిది, ఎవరు తీశారు అన్నంతవరకే చూస్తారు. నిజమైన యజమాని ఓడిపోయే కేసు ఇది.

ఇక ఊరుకుంటే ఏమవుతుంది? కళ్లెదుట స్లాబులు పడుతుంటే చూస్తూ ఉండి, గృహప్రవేశం అయ్యాక కోర్టుకెళితే, కూల్చమనడం కన్నా పరిహారం ఇప్పిస్తే చాలదా అని న్యాయమూర్తికి అనిపించవచ్చు. ముఖ్యంగా ఆక్రమణ అంగుళాల్లో ఉండి, కట్టినవాడు పొరపాటున కట్టాడనిపిస్తే. పన్నెండేళ్లు దాటితే ఇంకా ప్రమాదం. అతను బాహాటంగా, అడ్డులేకుండా, అది తనదే అన్నట్టు అనుభవించాడని రుజువైతే, లిమిటేషన్ చట్టం ప్రకారం ఆ ముక్క మీద మన హక్కే పోతుంది. ‘కట్టుకో బాబూ, తర్వాత చూసుకుందాం’ అని మనం అనుమతిస్తే లెక్క వేరు, అది అతనికి ప్రతికూల స్వాధీనం కాదు. కానీ ఆ మాట కాగితం మీద ఉండాలి. విదేశాల్లో ఉన్నవాళ్లు ఇక్కడి బంధువుకు పవరాఫ్ అటార్నీ పంపితే, అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఆలస్యమైతే అసలు దావా కంటే దాని మీదే పేచీ మొదలవుతుంది.

నిజం చెప్పాలంటే రెండడుగుల కోసం ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కడం చాలామందికి గిట్టుబాటు కాదు. కొలత తేలాక పక్కాయన ఆ 12 గజాలకు మార్కెట్ ధర ఇస్తానంటే, లేదా వెనకవైపు అంతే స్థలం వదులుతానంటే ఆలోచించదగ్గదే. దావా నడుస్తుంటే లోక్ అదాలత్‌లో రాజీ రాసుకోవచ్చు. ఆ అవార్డు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజూ వెనక్కి వస్తుంది. దావా లేకుండా బయట రాజీపడితే మాత్రం పెద్దమనుషుల సంతకాలతో రాసిన వంద రూపాయల స్టాంపు పేపరు హక్కును మార్చదు. ఆ 12 గజాలకు కొలతలతో, ప్లానుతో రిజిస్టరు చేసిన దస్తావేజు ఉండాల్సిందే.